రాత్రి రెండింటికి రిసెప్షన్‌లో దొరకాల్సిన జవాబు

హోటల్లో ఉద్యోగానికి చేరిన రోజు హెచ్ఆర్ వాళ్లు ఒక పుస్తకం చేతిలో పెట్టి, చివరి పేజీలో ‘చదివి అర్థం చేసుకున్నాను’ అన్నచోట సంతకం పెట్టించుకుంటారు. ఆ హ్యాండ్‌బుక్ చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటుంది, అరవై డెబ్భై పేజీలు ఉంటుంది. సంతకం పెట్టిన పేజీ ఫైల్లోకి పోతుంది, పుస్తకం ఇంట్లో ఏ అటక మీదికో చేరుతుంది. ఆ తర్వాత రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయికో అబ్బాయికో సందేహం వస్తే అడిగేది పక్కనున్న సీనియర్‌నే. ఆ సీనియర్ చెప్పేది తాను చేరిన కొత్తలో ఇంకో సీనియర్ చెప్పిన మాట. ఈ లోపు పుస్తకంలో రూలు రెండుసార్లు మారి ఉండొచ్చు.

వంటగదిలోనో హౌస్ కీపింగ్‌లోనో పనిచేసేవాళ్లకు పక్కనే సూపర్‌వైజర్ ఉంటాడు. ఫ్రంట్ ఆఫీసు అలా కాదు. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుంది, రాత్రి పూట ఒక్కరే ఉంటారు, చేతిలో డబ్బు ఉంటుంది, ఎదురుగా ఎలాంటి మనిషి వచ్చి నిలబడతాడో తెలియదు. హెచ్ఆర్ గది సాయంత్రం ఆరింటికే తాళం వేసేస్తారు. అందుకే హ్యాండ్‌బుక్‌లోంచి ఫ్రంట్ ఆఫీసుకు అవసరమైనంత మేర తీసి, ప్రశ్న–జవాబు రూపంలో ఒక్క కాగితానికి రెండు వైపులా పట్టేలా రాసి కౌంటర్ లోపల పెట్టాలి. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పెద్ద రూలును కుదించేటప్పుడు అర్థం తారుమారయ్యే ప్రమాదం అడుగడుగునా ఉంటుంది. జాగ్రత్తగా చేయకపోతే ఆ కాగితం లేకపోవడమే మేలు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. వైఫై పాస్‌వర్డ్ ఏమిటి, చెక్ అవుట్ ఎన్నింటికి, గుడికి బస్సు ఎక్కడ దొరుకుతుంది, ఇవి గెస్టులు అడిగేవి. వాటికి వేరే కాగితం ఉండాలి. ఇక్కడ చెప్పుకునేది సిబ్బందికి తమ ఉద్యోగం గురించి వచ్చే ప్రశ్నల కాగితం. రెండింటినీ కలిపేస్తే అది నాలుగు పేజీలవుతుంది. అప్పుడు దాన్నీ ఎవరూ చదవరు.

ఉదాహరణకు విజయవాడలో అరవై గదుల హోటల్ ఒకటి అనుకుందాం. ఫ్రంట్ ఆఫీసులో ఎనిమిది మంది. పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి రాత్రి పదకొండు, పదకొండు నుంచి మళ్లీ ఏడు, ఇలా మూడు షిఫ్టులు. నైట్ షిఫ్టులో కౌంటర్ దగ్గర ఒక్కరు, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు.

ప్రశ్నలు ముందు, పుస్తకం తర్వాత

చాలామంది మేనేజర్లు ఈ పనిని హ్యాండ్‌బుక్ విషయసూచికతో మొదలుపెడతారు. కంపెనీ ఆశయం, నియామకం, ప్రొబేషన్, సెలవులు, యూనిఫాం, క్రమశిక్షణ, ఇలా ఒక్కో అధ్యాయం నుంచి రెండేసి ప్రశ్నలు తయారుచేస్తారు. అలా చేస్తే ‘మన కంపెనీ విలువలు ఏమిటి?’ లాంటి ప్రశ్న మొదట్లో వచ్చి కూర్చుంటుంది. అర్ధరాత్రి కౌంటర్లో ఎవరికీ ఆ సందేహం రాదు.

దీనికి బదులు కౌంటర్లో ఒక నోటుబుక్కు పెట్టి, రెండు వారాల పాటు ఎవరికి ఏ సందేహం వచ్చినా వాళ్ల మాటల్లోనే రాయమనాలి. పేరు రాయనక్కర్లేదు. ఏ షిఫ్టులో వచ్చిందో మాత్రం రాయాలి. దాంతో పాటు పాత లాగ్‌బుక్కు తిరగేయాలి. షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు రాసుకునే పుస్తకం కాబట్టి ఏ గొడవ ఎన్నిసార్లు వచ్చిందో అందులో తెలిసిపోతుంది. హెచ్ఆర్‌కు వచ్చే ఫోన్లలో నెల మొదటి వారం వచ్చేవి పక్కన రాసుకోవాలి. అవి దాదాపు అన్నీ జీతం చీటీ గురించే ఉంటాయి.

ఇలా పోగయ్యే ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: ‘రిలీవర్ రాలేదు, ఎంతసేపు ఉండాలి?’ ‘క్యాష్ తగ్గితే నా జీతంలో కోస్తారా?’ ‘వీక్లీ ఆఫ్ మార్చుకోవాలంటే ఎవర్ని అడగాలి?’ ‘జ్వరం వచ్చింది, వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సరిపోతుందా?’ ‘గెస్ట్ టిప్ ఇచ్చాడు, ఉంచుకోవచ్చా?’ ‘ఫలానాయన మీ హోటల్లో ఉన్నాడా అని ఫోన్లో అడిగితే చెప్పొచ్చా?’ ‘తాగొచ్చిన గెస్ట్ తిడుతున్నాడు, ఏం చేయాలి?’ ‘ఈఎస్ఐ కింద డబ్బు ఎందుకు పోతోంది?’

వీటిని ఎంత తరచుగా వస్తాయన్నదాన్ని బట్టే వరసలో పెట్టకూడదని నా అభిప్రాయం. యూనిఫాం షూ రంగు గురించి నెలకు పదిమంది అడగొచ్చు. గెస్ట్ చెయ్యి పట్టుకున్నప్పుడు ఏం చేయాలన్నది ఏడాదికి ఒక్కసారే రావచ్చు. మొదటిదానికి పొద్దున దాకా ఆగొచ్చు, రెండోదానికి ఆగలేం. తప్పు జవాబు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలేవి, డబ్బు పోయేవి, ఉద్యోగం మీదికి వచ్చేవి కాగితం పైభాగంలో ఉండాలి. పన్నెండు నుంచి పదిహేను ప్రశ్నలు చాలు. అంతకు మించితే వెతుక్కోవడానికి పట్టే సమయం పెరుగుతుంది.

క్యాష్ తగ్గితే జీతంలో కోస్తారా?

ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఈ పనిలో ఉన్న చిక్కు తెలుస్తుంది. ‘క్యాష్ తగ్గితే నా జీతంలో కోస్తారా?’ అన్నదే తీసుకుందాం.

హ్యాండ్‌బుక్‌లో దీనికి జవాబు ఒక్కచోట దొరకదు. అకౌంట్స్ అధ్యాయంలో ‘షిఫ్టు ముగింపులో తేడా ఏదైనా ఉంటే నమోదు చేయాలి’ అని ఉంటుంది. క్రమశిక్షణ అధ్యాయంలో ‘నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టాన్ని రాబట్టవచ్చు’ అని ఉంటుంది. జీతాల అధ్యాయంలో ‘చట్టం అనుమతించిన మేరకు మినహాయింపులు ఉంటాయి’ అని ఉంటుంది. మూడూ కలిపి చదివితేనే ప్రశ్నకు జవాబు వస్తుంది. ఒక్క క్రమశిక్షణ అధ్యాయమే చూసి రాస్తే ‘అవును, షార్టేజ్ సిబ్బందే కట్టాలి’ అని వస్తుంది. ఇది పుస్తకంలో లేని రూలు. ‘రాబట్టవచ్చు’ అన్నది ‘రాబడతారు’గా మారిపోయింది, ‘నిర్లక్ష్యం వల్ల’ అన్న షరతు ఎగిరిపోయింది. కుదించేటప్పుడు మొదట ఊడిపోయేవి ఈ షరతులే. నిజానికి రూలుకు అసలు బలం వాటిలోనే ఉంటుంది.

ఇంకా ముఖ్యంగా, ఆ జవాబు చట్టానికి కూడా విరుద్ధం. ఉద్యోగి లెక్క చెప్పాల్సిన డబ్బు పోయినప్పుడు జీతంలో కోయాలంటే ఆ నష్టం నేరుగా ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనో తప్పు వల్లనో జరిగి ఉండాలి. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలి. పోయినదానికి మించి కోయకూడదు. వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ రక్షణ ఇప్పుడు వేతనాల కోడ్‌లోనూ ఉంది. ‘షార్టేజ్ వస్తే షిఫ్టులో ఉన్నవాళ్లంతా సమానంగా పంచుకోవాలి’ అన్న అలవాటు చాలా కౌంటర్లలో ఉంది. అందులో ఎవరి తప్పో తేల్చే మాటే లేదు కాబట్టి దాన్ని కాగితం మీద రూలుగా అచ్చువేయకూడదు.

ఇప్పుడు కౌంటర్లో జరిగేది చూద్దాం. సాయంత్రం షిఫ్టు మొదలైనప్పుడు డ్రాయర్‌లో చిల్లర కోసం ఉంచే ఫ్లోట్ 10,000 రూపాయలు. షిఫ్టులో నగదుగా వచ్చింది 18,400. గెస్ట్ తరఫున టాక్సీకి, కొరియర్‌కు ఇచ్చింది 1,250. అంటే రాత్రి పదకొండింటికి డ్రాయర్‌లో 27,150 ఉండాలి. లెక్కపెడితే 26,650 వచ్చింది. 500 తగ్గింది. నా అనుభవంలో ఇలాంటి గుండ్రటి తేడా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దొంగతనాన్ని కాదు, ఎంట్రీని. గెస్ట్ యూపీఐలో కట్టిన 500ను హడావిడిలో నగదు కింద ఎంటర్ చేసి ఉంటారు. యూపీఐ రిపోర్టులో ఆ రోజు వసూలు మొత్తం కంప్యూటర్‌లో ఉన్నదానికన్నా సరిగ్గా 500 ఎక్కువ ఉంటే విషయం తేలిపోయినట్టే. అందుకే మంచి జవాబులో ‘కోస్తారా’ అన్నదానికే కాదు, ‘ఇప్పుడు నేనేం చేయాలి’ అన్నదానికీ సమాధానం ఉంటుంది. రాస్తే ఇలా రాయాలి:

‘క్యాష్ తగ్గితే నా జీతంలో కోస్తారా? — వెంటనే కోయరు. ముందు రిలీవర్ ఎదురుగా మళ్లీ లెక్కపెట్టండి. యూపీఐ, కార్డు రిపోర్టులతో ఎంట్రీలు సరిచూడండి. తేడా తేలకపోతే ఎంత తగ్గిందో క్యాష్ షీటులో రాసి ఇద్దరూ సంతకం చేయండి, డ్యూటీ మేనేజర్‌కు చెప్పండి. సొంత డబ్బు వేసి సరిచేయకండి. నిర్లక్ష్యం వల్ల పోయిందని కంపెనీ భావిస్తే ముందు మీకు రాతపూర్వకంగా తెలిపి, మీ జవాబు విన్నాకే నిర్ణయం తీసుకుంటుంది. హ్యాండ్‌బుక్ 6.2, 9.4, 11.3.’

చివర ఉన్న అంకెలు పుస్తకంలో ఏ పేరా నుంచి ఈ జవాబు వచ్చిందో చెబుతాయి. ఎవరైనా ‘ఇది ఎక్కడుంది?’ అంటే చూపించొచ్చు. రేపు ఆ పేరా మారితే కాగితంలో ఏ జవాబు మార్చాలో కూడా వెంటనే తెలుస్తుంది. ‘సొంత డబ్బు వేసి సరిచేయకండి’ అన్న వాక్యం అనవసరం అనిపించవచ్చు. కానీ కొత్తగా చేరినవాళ్లు భయపడి చేసే మొదటి పని అదే. మర్నాడు యూపీఐ ఎంట్రీ దొరికితే డ్రాయర్‌లో 500 ఎక్కువ కనిపిస్తుంది, అప్పుడు రెండో విచారణ మొదలవుతుంది.

పుస్తకంలో జవాబు లేనప్పుడు

రిలీవర్ సంగతి ఇంకో రకం. పొద్దున ఏడింటికి రావాల్సిన మనిషి ఎనిమిదైనా రాలేదు. నైట్ షిఫ్టు చేసిన అమ్మాయి అప్పటికే తొమ్మిది గంటలుగా కౌంటర్లో ఉంది. హ్యాండ్‌బుక్‌లో ఉన్నది ఒకే వాక్యం: ‘తగిన హ్యాండోవర్ లేకుండా డ్యూటీ స్థలం విడిచి వెళ్లరాదు.’ ఎంతసేపు ఆగాలి, ఎవరికి చెప్పాలి, ఆ అదనపు గంటలకు ఏమిస్తారు అన్నది లేదు.

ఇక్కడ షీటు రాసేవాళ్లకు ఒక ప్రలోభం ఎదురవుతుంది. ఖాళీని తమ ఊహతో పూడ్చాలనిపిస్తుంది. ‘గరిష్ఠంగా రెండు గంటలు ఆగండి’ అని రాసేస్తే కాగితం పూర్తయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ రెండు గంటలు ఎవరు నిర్ణయించారు? రేపు ఎవరైనా రెండు గంటలు ఆగి వెళ్లిపోతే, ‘డ్యూటీ వదిలి వెళ్లావు’ అని పుస్తకంలోని వాక్యం చూపించి మెమో ఇవ్వొచ్చు. కాగితాన్ని నమ్మిన మనిషి దోషి అవుతుంది. అందుకే షీటు రాసేవాళ్లు రూలు పుట్టించకూడదు. ఖాళీ కనిపిస్తే జనరల్ మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లి, నిర్ణయం చేయించి, సర్క్యులర్ వేయించి, ఆ తర్వాతే షీటులో రాయాలి. అది తేలేదాకా షీటులో ఉండాల్సింది ఇంతే: ‘పావుగంట దాటితే డ్యూటీ మేనేజర్‌కు ఫోన్ చేయండి. వేరే మనిషిని పంపే బాధ్యత ఆయనది. ఎన్నింటి దాకా ఉన్నారో హాజరు పుస్తకంలో రాయించుకోండి.’ ఆ పావుగంట కూడా మేనేజర్ ఒప్పుకున్నదై ఉండాలి.

ఆ గంటలకు డబ్బు సంగతి మాత్రం యాజమాన్యం ఇష్టానికి వదిలేసింది కాదు. మామూలు పని గంటలు దాటి చేయించుకుంటే ఓవర్‌టైమ్‌కు మామూలు వేతన రేటుకు రెండింతలకు తగ్గకుండా ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ‘తర్వాత ఎప్పుడైనా త్వరగా వెళ్లిపో’ అన్న నోటిమాటను జవాబుగా అచ్చువేయడం కుదరదు.

ఈ పని చేసిన ప్రతిచోటా ఇలాంటి ఖాళీలు బయటపడతాయి. నన్నడిగితే కాగితం వల్ల సిబ్బందికి ఎంత లాభమో, పుస్తకంలో ఏమేం లేవో యాజమాన్యానికి తెలియడం వల్లా అంత లాభం.

అన్నిటికన్నా పైన ఉండాల్సిన జవాబు

గెస్ట్ అసభ్యంగా ప్రవర్తిస్తే ఏం చేయాలి? చాలా హ్యాండ్‌బుక్‌లలో లైంగిక వేధింపుల అధ్యాయం ఉంటుంది. అది చట్టంలోని భాషను దాదాపు అలాగే దించి రాసినది. చదివితే ఇది తోటి ఉద్యోగులు, పై అధికారుల గురించే అనిపిస్తుంది. నిజానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పని స్థలానికి వచ్చిపోయేవాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. వేధించినవాడు ఉద్యోగి కాకపోయినా, బాధితురాలు కోరితే అతని మీద చర్య మొదలయ్యేలా యజమాని చూడాలి. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి కావాల్సింది ఈ వాక్యమే, అదే పుస్తకంలో ఎక్కడో అడుగున పడి ఉంటుంది.

షీటులో జవాబు చేయాల్సిన పని వరసలో ఉండాలి. ముందు కౌంటర్ వదిలి లోపలి గదిలోకి వెళ్లొచ్చు, అది డ్యూటీ వదలడం కాదు. సెక్యూరిటీని పిలవాలి. ప్రమాదం అనిపిస్తే 112కు ఫోన్ చేయాలి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాత డ్యూటీ మేనేజర్‌కు చెప్పాలి. సీసీటీవీ రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఆ సమయం చెప్పి రికార్డు తీసి ఉంచమని అదే రోజు అడగాలి. ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా అంతర్గత కమిటీకి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచొచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండి తీరాలి. దాన్ని నియమించిన ఉత్తర్వును అందరికీ కనబడే చోట పెట్టాలి. షీటులో సభ్యుల ఫోన్ నంబర్లు రాయబోయి, అసలు కమిటీయే లేదని తెలుసుకున్న హోటళ్లు ఉన్నాయి.

ఒక మెలిక ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. షీటులో మిగతా అన్ని జవాబుల్లోనూ ‘లాగ్‌బుక్కులో రాయండి’ అని ఉంటుంది. ఇందులో మాత్రం అలా రాయకూడదు. లాగ్‌బుక్కు ప్రతి షిఫ్టువాళ్లూ చదువుతారు. ఫిర్యాదు వివరాలు, బాధితురాలెవరన్నది బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. కాబట్టి ‘లాగ్‌బుక్కులో డ్యూటీ మేనేజర్‌ను పిలిచిన సమయం మాత్రమే రాయండి, జరిగింది వేరే కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి’ అని విడిగా చెప్పాలి. హ్యాండ్‌బుక్ చదివి కుదించే మనిషికి ఇది తట్టదు. ఈ రెండు రూళ్లూ ఒకే కౌంటర్లో ఒకే రాత్రి ఎదురుపడతాయని తెలిసిన ఫ్రంట్ ఆఫీసు మనిషికే తడుతుంది. షీటు రాసేటప్పుడు వాళ్లలో ఒకరైనా పక్కన కూర్చోవాలనేది ఇందుకే. ఆ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మహిళలకే ఉన్నా, దెబ్బలాటకు దిగిన గెస్ట్ ముందు అబ్బాయి నిలబడ్డా మొదటి నాలుగు వాక్యాలూ అతనికీ వర్తిస్తాయని హోటల్ రాసి ఇవ్వాలి.

జీతం చీటీ ప్రశ్నలకు ఇంత చర్చ అక్కర్లేదు, ఒక్క లెక్క చూపిస్తే చాలు. నెల జీతం 21,000 దాటనివాళ్లు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 16,000 జీతం మీద ఉద్యోగి నుంచి పోయేది 120 రూపాయలు, యజమాని కట్టేది 520. ఆ 120కి బదులుగా కుటుంబానికి వైద్యం వస్తుంది. నిర్ణీత రోజుల చందా కట్టి ఉండి, డాక్టరు సెలవు రాసిస్తే, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం చేతికొస్తుంది. ఈ చివరి ముక్క తెలియకే చాలామంది జబ్బు చేసినప్పుడు జీతం లేని సెలవు పెట్టేసుకుంటారు.

రాత, అచ్చు, పరీక్ష

జవాబు మొదటి మాటలోనే అవునో కాదో తేలిపోవాలి. కారణాలు తర్వాత. ‘మేనేజ్‌మెంట్‌ను సంప్రదించగలరు’ అన్న వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయాలి. ఎవర్ని, ఏ నంబరులో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది రాయాలి. మనిషి పేరు రాస్తే ఆయన మానేసిన రోజు కాగితం పాతబడుతుంది కాబట్టి హోదా, డ్యూటీ ఫోన్ నంబరు మాత్రమే ఉండాలి. తెలుగులో రాయాలి, అదీ కౌంటర్లో మాట్లాడే తెలుగులో. ‘కంప్ ఆఫ్’ను ‘పరిహార సెలవు’ అని మారిస్తే ఎవరికీ అర్థం కాదు. ఒడిశా నుంచో ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చిన సిబ్బంది ఉంటే వాళ్లు చదవగలిగే భాషలో ఇంకో ప్రతి వేయాలి. రెండు ప్రతుల్లోనూ ప్రశ్నలకు ఒకే నంబర్లు ఉండాలి.

సేఫ్ నంబరు, మాస్టర్ కీ ఎక్కడుంటుంది లాంటివి ఈ కాగితం మీద ఎప్పుడూ రాయకూడదు. కౌంటర్ మీదికి వంగిన గెస్ట్ కంట కూడా ఇది పడుతుంది. ల్యామినేషన్ వద్దు. చేసిన తర్వాత ఒక జవాబు మారితే డబ్బు దండగ అనిపించి ఎవరూ మార్చరు, పెన్నుతో దిద్దుబాట్లు మొదలవుతాయి. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెడితే కాగితం మార్చడం నిమిషం పని. తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ కాస్త ఎక్కువే వదలాలి. లాబీ లైట్లు తగ్గించిన వేళ చదివే కాగితం ఇది.

అచ్చువేసే ముందు పరీక్ష పెట్టాలి. షీటు తయారీలో పాల్గొనని ఇద్దరిని వేర్వేరుగా కూర్చోబెట్టి, ఒకరు నైట్ షిఫ్టు చేసేవాళ్లయి ఉండేలా చూసి, సంఘటన చెప్పాలి: ‘రాత్రి ఒంటిగంటకు నీకు వాంతులవుతున్నాయి, కౌంటర్లో నువ్వొక్కడివే. ఏం చేస్తావు?’ కాగితంలో చూసి చెప్పమనాలి. అర నిమిషంలో జవాబు దొరక్కపోతే ప్రశ్న రాసిన తీరు బాగాలేదు. దొరికింది గానీ ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకుంటే జవాబు బాగాలేదు. వాళ్లను తప్పుపట్టకుండా వాక్యాన్ని తిరగరాయాలి. ఆ రాత్రే ఒంటిగంటకు షీటులోని డ్యూటీ మేనేజర్ నంబరుకు నిజంగా ఫోన్ చేసి చూడాలి. ఎత్తకపోతే పదిహేను జవాబుల్లో సగం పనికిరానట్టే.

ఈ షీటులో ఉన్నదానికీ పుస్తకంలో ఉన్నదానికీ తేడా వస్తే పుస్తకమే చెల్లుతుందని అడుగున ఒక లైను వేయడం రివాజు. వేయండి. కానీ దాని కింద ఇంకో లైను కూడా ఉండాలి: ఈ షీటును నమ్మి నడుచుకున్నవాళ్ల మీద ఆ కారణంగా చర్య ఉండదు. ఈ హామీ ఇవ్వడానికి యాజమాన్యం వెనకాడుతోందంటే జవాబులు సరిగా చూసుకోలేదని అర్థం.

చివరగా తేదీ. ప్రతి పేజీ అడుగున ‘ఫలానా తేదీ నుంచి అమలు’ అని ఉండాలి, ఎవరు సరిచూశారో హోదా ఉండాలి. కొత్తది వచ్చిన రోజు పాతది చించేయడం ఒక్కటే చాలదు. దాని ఫొటో సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అదే గ్రూపులో కొత్త షీటు పెట్టి, ఏ ప్రశ్నకు జవాబు మారిందో ఒక్క లైనులో చెప్పాలి.

మీ హోటల్లో, ఆసుపత్రిలో, స్కూల్లో ఇలాంటి కాగితం ఇప్పటికే ఉంటే దాని మీద ఏ తేదీ ఉందో ఈ రోజే చూడండి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు రాసిందైతే జీతం కోత, ఓవర్‌టైమ్, ఉద్యోగం మానేసినప్పుడు రావాల్సిన డబ్బు, ఈ మూడు జవాబులూ కొత్త చట్టంతో సరిచూడకుండా కౌంటర్లో ఉంచకండి.